ప్లే నొక్కగానే టీవీ ఎందుకు నల్లబడుతుంది?

సినిమా ఎంచుకుని ప్లే నొక్కుతారు. టీవీ తెర ఒక్కసారిగా నల్లబడుతుంది. ఒకటి రెండు సెకన్లపాటు బొమ్మా ఉండదు, శబ్దమూ ఉండదు. తర్వాత తెర మూలన హెచ్‌డీఆర్ అనో డాల్బీ విజన్ అనో చిన్న గుర్తు కనిపించి మాయమవుతుంది, సినిమా మొదలవుతుంది. కొన్ని ఇళ్లలో ఇదే రెండుసార్లు జరుగుతుంది. ఇంకొన్ని చోట్ల నలుపుకు కాస్త ముందో వెనకో తెర కళ్లు చెదిరేలా మెరుస్తుంది, లేదా క్షణకాలం రంగులన్నీ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. సినిమా ఆపి మెనూలోకి వస్తే మళ్లీ అదే తంతు.

వేలకు వేలు పోసి కొన్న టీవీ ఇలా చేస్తే ఎవరికైనా గుండెలో రాయి పడుతుంది. ప్యానెల్ పోతోందేమోనని కొందరు సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేస్తారు. కొందరు కేబుల్ మారుస్తారు, ఇంకొందరు స్ట్రీమింగ్ బాక్స్‌నే వెనక్కి ఇచ్చేస్తారు. నిజానికి వీడియో మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే వచ్చే ఈ నలుపు చాలావరకు లోపం కాదు. బాక్స్, టీవీ కలిసి తమ పనితీరును ఆ వీడియోకు తగ్గట్టు మార్చుకుంటున్న సమయం అది. ఆ మార్పు దేనికి, దానికి అంతసేపు ఎందుకు, దాన్ని ఎప్పుడు ఉంచుకోవాలి, ఎప్పుడు నిజంగా అనుమానించాలి అన్నవి తెలిస్తే అనవసర ఖర్చూ తప్పుతుంది, సినిమా కూడా బాగా కనిపిస్తుంది.

ఒక్కో వీడియోది ఒక్కో నడక

వరసగా వచ్చే నిశ్చల చిత్రాలే మన కంటికి కదిలే బొమ్మగా తోస్తాయి. సెకనుకు ఎన్ని చిత్రాలు వస్తాయన్నదే ఫ్రేమ్ రేట్. తెలుగు సినిమా అయినా హాలీవుడ్ సినిమా అయినా సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములు. 1920ల చివర్లో మాటల సినిమా వచ్చినప్పుడు స్థిరపడిన లెక్క అది. టీవీ లెక్క వేరు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి టీవీ ప్రసారాలు కూడా 25, 50 లెక్కలో స్థిరపడ్డాయి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి ప్రసారాలు 30, 60 లెక్కలో నడుస్తాయి. ఫోన్లతో తీసే వీడియోలు కూడా ఎక్కువగా 30, 60 లెక్కలోనే ఉంటాయి.

స్ట్రీమింగ్ బాక్స్‌లలో చాలావాటి మెనూ మాత్రం 60 హెర్ట్జ్‌లో నడుస్తుంది. అంటే టీవీకి సెకనుకు 60 సార్లు బొమ్మ అందుతుంది. అందులో 24 ఫ్రేముల సినిమాను ఎలా ఇరికించాలి? అరవైని ఇరవై నాలుగుతో భాగిస్తే రెండున్నర వస్తుంది. ఒక ఫ్రేమును రెండున్నర సార్లు చూపించడం కుదరదు. అందుకని బాక్స్ ఒక ఫ్రేమును రెండుసార్లు, దాని తర్వాతి ఫ్రేమును మూడుసార్లు, ఆ తర్వాతిది మళ్లీ రెండుసార్లు, ఇలా మార్చి మార్చి పంపుతుంది. ఫలితంగా ఒక ఫ్రేము తెర మీద సెకనులో ముప్పయ్యో వంతు నిలిస్తే, పక్క ఫ్రేము ఇరవయ్యో వంతు నిలుస్తుంది.

మామూలు సంభాషణల సీన్లలో ఈ తేడా ఎవరికీ తెలియదు. కెమెరా గోదావరి గట్టు వెంట ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా, ఒకే వేగంతో జరుగుతున్న షాట్ చూడండి. తీసేటప్పుడు కదలిక సమానంగానే ఉంది. తెర మీద మాత్రం కొబ్బరి చెట్ల వరస కాసింత ఆగి, కాసింత దూకి, మళ్లీ ఆగుతూ అదురుతున్నట్టు కనిపిస్తుంది. సినిమా చివర పేర్లు పైకి జరిగేటప్పుడు అక్షరాలు అదరడం కూడా దీనివల్లే. వీడియో రంగంలో దీన్ని జడ్డర్ అంటారు. అదే టీవీ 24 హెర్ట్జ్‌కు మారితే ప్రతి ఫ్రేమూ సమానంగా సెకనులో ఇరవై నాలుగో వంతు నిలుస్తుంది. చెట్ల వరస నిలకడగా జరుగుతుంది.

50 లెక్కలో వచ్చే క్రికెట్‌దీ ఇదే బాధ. సెకనుకు 50 ఫ్రేములు వస్తుంటే 60 హెర్ట్జ్ తెరకు ఇంకో పది కావాలి. అందుకని ప్రతి అయిదు ఫ్రేములకు ఒకదాన్ని రెండోసారి చూపిస్తారు. అంటే సెకనుకు పదిసార్లు బొమ్మ ఒక క్షణం నిలబడిపోతుంది. బౌండరీ వైపు పరుగెత్తే బంతిని కెమెరా వెంబడిస్తున్నప్పుడు ఆ తడబాటు కంటికి స్పష్టంగా తెలుస్తుంది. హైదరాబాద్‌లో 25 లెక్కలో తయారైన సీరియల్‌ను డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో 60 హెర్ట్జ్ టీవీలో చూసే తెలుగువాళ్లకు కదలికలు అదిరినట్టు కనిపించడానికీ కారణం ఇదే.

వెలుగుకు రెండు భాషలు

రెండో మార్పు వెలుగుకు సంబంధించింది. మామూలు వీడియోను ఎస్‌డీఆర్ అంటారు. అందులో పూర్తి తెలుపు అంటే దాదాపు 100 నిట్ల వెలుగు అన్న లెక్కతో బొమ్మను తయారుచేస్తారు. హెచ్‌డీఆర్10, డాల్బీ విజన్ వీడియోలు పీక్యూ అనే వేరే కొలతను వాడతాయి. 2014లో ప్రమాణంగా వచ్చిన ఆ కొలత 10,000 నిట్ల వరకు వెలుగును రాసుకోగలదు. ఇళ్లలోని టీవీలు అంత వెలుగు ఇవ్వలేవు కాబట్టి, వచ్చిన లెక్కను తమ శక్తికి తగ్గట్టు కుదించుకుని చూపిస్తాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కేబుల్‌లో వెళ్లే అంకె ఒక్కటే అయినా, ఎస్‌డీఆర్‌లో దాని అర్థం వేరు, హెచ్‌డీఆర్‌లో వేరు. హెచ్‌డీఆర్ సినిమాలో హీరో తెల్లచొక్కా వెలుగు 100 నిట్లు అనుకుందాం. పీక్యూ లెక్కలో అది మొత్తం కొలతలో దాదాపు సగం దగ్గర ఉంటుంది. ఇది హెచ్‌డీఆర్ అని టీవీకి తెలియకపోతే, ఆ సగాన్ని ఎస్‌డీఆర్ లెక్కలో చదివి అయిదో వంతు వెలుగే చూపిస్తుంది. చొక్కా బూడిదరంగుకు దిగుతుంది, మొహాలు పాలిపోతాయి. క్షణకాలం కనిపించే వెలిసిపోయిన బొమ్మ ఇదే. తిరకాసు అటు నుంచి జరిగితే ఇంకా ఇబ్బంది. మెనూలోని మామూలు తెలుపును టీవీ పీక్యూ లెక్కలో చదివితే, ఎవరో 10,000 నిట్లు అడిగారనుకుని తనకున్న వెలుగంతా ఒక్కసారిగా వదులుతుంది. చీకటి గదిలో కళ్లు జిగేల్‌మనిపించే ఆ మెరుపు అక్కడి నుంచే వస్తుంది.

కాబట్టి వీడియో మారినప్పుడు రెండు సంగతులు టీవీకి సరిగ్గా, సరైన క్షణంలో అందాలి. సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది ఒకటి, వెలుగును ఏ కొలతలో చదవాలన్నది రెండోది. నల్లతెర ఈ రెండింటి కోసమే.

ఆ రెండు సెకన్లలో జరిగేది

ఒక ఉదాహరణ తీసుకుందాం. బాక్స్ మెనూ 4కె, ఎస్‌డీఆర్, 60 హెర్ట్జ్‌లో ఉంది. మీరు 4కె, హెచ్‌డీఆర్, 24 ఫ్రేముల సినిమా ఎంచుకున్నారు.

మొదట బాక్స్ హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా టీవీకి ఒక చిన్న సందేశం పంపుతుంది. సిగ్నల్ మారబోతోంది, బొమ్మనూ శబ్దాన్నీ ఆపి ఉంచు అని దాని సారాంశం. తెర నల్లబడటం ఇక్కడ మొదలవుతుంది. ఇలా నల్లగా ఉంచకపోతే సిగ్నల్ మారుతున్నంతసేపూ ముక్కలైన బొమ్మలు, చుక్కలు, స్పీకర్లలో టపటప చప్పుళ్లు వచ్చేవి.

తర్వాత సిగ్నల్ వేగమే మారుతుంది. 4కె బొమ్మలో మనకు కనిపించేవి 3840 నిలువు వరసలు, 2160 అడ్డగీతలు. వాటి చుట్టూ కనిపించని ఖాళీ జాగా కూడా కేబుల్‌లో ప్రయాణిస్తుంది. అదంతా కలిపి 60 హెర్ట్జ్‌లో సెకనుకు 59.4 కోట్ల పిక్సెళ్ల స్థానాలు వెళ్తాయి. 24 హెర్ట్జ్‌లో అది సరిగ్గా సగం, 29.7 కోట్లు. హెచ్‌డీఎంఐ 2.0 నియమాల్లో సెకనుకు 34 కోట్ల దగ్గర ఒక గీత ఉంది. ఆ గీత దాటితే సిగ్నల్‌ను కలగాపులగం చేసి పంపాలి, దానికి తోడుగా వెళ్లే క్లాక్ సంకేతం నిష్పత్తి కూడా మార్చాలి. గీత లోపలుంటే అవేవీ అక్కర్లేదు. మన సినిమా మొదలైనప్పుడు సిగ్నల్ ఆ గీతకు అటు నుంచి ఇటు వస్తుంది. అంటే టీవీ పాత సిగ్నల్‌ను పూర్తిగా వదిలేసి, కొత్త వేగాన్ని పట్టుకుని, దానికి సర్దుకోవాలి. కచేరీలో శ్రుతి మారిస్తే తంబురా సరిచేసుకునేదాకా పాట ఆగినట్టే, ఇక్కడ బొమ్మ ఆగుతుంది.

వేగం కుదిరాక కాపీరైట్ తనిఖీ మొదలవుతుంది. హెచ్‌డీసీపీ అనే రక్షణ వ్యవస్థలో బాక్స్, టీవీ ఒకదాన్నొకటి గుర్తుపట్టి తాళంచెవులు మార్చుకోవాలి. సిగ్నల్ తెగి కొత్తగా మొదలైతే ఈ తనిఖీ మళ్లీ మొదటికి వస్తుంది. ఇక టీవీ తన వైపు వెలుగు కొలతను హెచ్‌డీఆర్‌కు మార్చి, బ్యాక్‌లైట్‌నూ రంగుల సెట్టింగ్‌లనూ హెచ్‌డీఆర్ కోసం దాచుకున్న విలువలకు తెచ్చుకుంటుంది. బొమ్మ నిలకడగా ఉందని నిర్ధారించుకోవడానికి ఇంకాసేపు ఆగి, అప్పుడు తెర తెరుస్తుంది.

ఈ చివరి జాగ్రత్త ఎంతసేపన్నది తయారీదారు ఇష్టం. అందుకే ఒకే బాక్స్‌ను ఒక టీవీకి తగిలిస్తే సెకనులో తేలిపోయేది, ఇంకో టీవీకి మూడు నాలుగు సెకన్లు తీసుకుంటుంది. మధ్యలో హోమ్ థియేటర్ రిసీవర్ ఉంటే బాక్స్ నుంచి రిసీవర్‌కు ఒకసారి, రిసీవర్ నుంచి టీవీకి ఇంకోసారి ఈ వ్యవహారమంతా నడవాలి. నలుపు మరింత సాగుతుంది.

60 నుంచి 50కి మారితే వేగం అదే 59.4 కోట్లు కదా, మరి అప్పుడు నలుపు ఎందుకని అడగవచ్చు. వేగం ఒకటే అయినా, కనిపించని ఖాళీ జాగా పెరిగి ఒక్కో గీత పొడవు మారిపోతుంది. టీవీ దృష్టిలో అది కూడా కొత్త సిగ్నలే.

ఇందులో ఎక్కడా టీవీ ఆగిపోయి మళ్లీ ఆన్ కావడం లేదు. బొమ్మ మాత్రమే నిలుస్తోంది. రోజుకు పదిసార్లు ఇలా జరిగినా ప్యానెల్‌కు నష్టమేమీ లేదు.

రెండుసార్లు నల్లబడితే

ఒక్కసారి అయిపోవాల్సిన పని రెండు మూడుసార్లు జరుగుతోందంటే కారణం చాలాసార్లు యాప్‌లో ఉంటుంది. సినిమాకు ముందు ప్రకటన వస్తుందనుకోండి. అది 30 ఫ్రేముల ఎస్‌డీఆర్ వీడియో అయితే టీవీ ముందు దానికి మారుతుంది, తర్వాత సినిమా కోసం 24, హెచ్‌డీఆర్‌కు మారుతుంది. మధ్యలో ఇంకో ప్రకటన వస్తే మళ్లీ అటూ ఇటూ. కొన్ని యాప్‌లు ఫ్రేమ్ రేట్ ఒకసారి, వెలుగు కొలత మరోసారి విడివిడిగా మార్చమంటాయి. అప్పుడు కూడా రెండు నలుపులు తప్పవు.

ఇంకో తప్పు మరింత చికాకు పెడుతుంది. తెర మారుతుండగానే యాప్ వీడియోను నడిపించేస్తుంది. నలుపు తొలగేసరికి మొదటి డైలాగు అయిపోయి ఉంటుంది. యాపిల్ టీవీలో యాప్‌లు తయారుచేసేవాళ్లకు, తెర మారడం ఇంకా జరుగుతోందా అని అడిగి తెలుసుకునే సదుపాయం tvOS 11.2 నుంచే ఉంది. మార్పు పూర్తయ్యేదాకా వీడియోను ఆపి ఉంచడమే సరైన పద్ధతి. సొంత వీడియోలు చూసుకోవడానికి చాలామంది వాడే కోడి ప్లేయర్‌లోనైతే ఆ ఆగడాన్ని మనమే పెట్టుకోవచ్చు. `Pause during refresh rate change` అన్న చోట రెండు మూడు సెకన్లు ఇస్తే సినిమా మొదటి క్షణం నుంచీ కనిపిస్తుంది.

సెట్టింగ్ ఎక్కడుంది, ఎలా పెట్టుకోవాలి

వీడియోకు తగ్గట్టు మారడం అన్నది అన్ని బాక్సుల్లోనూ మొదటి నుంచీ లేదు. యాపిల్ టీవీ 4కె 2017 సెప్టెంబరులో వచ్చినప్పుడు, మనం ఎంచుకున్న ఒక్క పద్ధతిలోనే అన్నీ చూపించేది. హెచ్‌డీఆర్ ఎంచుకుంటే పాత ఎస్‌డీఆర్ సినిమాను కూడా హెచ్‌డీఆర్‌లోకి మార్చి పంపేది, 24 ఫ్రేముల సినిమాను 60లో పంపేది. సినిమాను తీసినది తీసినట్టు చూడాలనుకునేవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన tvOS 11.2లో రెండు స్విచ్‌లు చేరాయి. `Settings`లో `Video and Audio`, అందులో `Match Content` తెరిస్తే `Match Dynamic Range`, `Match Frame Rate` అని కనిపిస్తాయి.

ఫైర్ టీవీలో డిస్‌ప్లే సెట్టింగ్‌లలో `Match Original Frame Rate` ఉంటుంది. వెలుగు కొలతకు `Dynamic Range Settings`లో `Adaptive` అంటే వీడియోను బట్టి మారడం, `Always HDR` అంటే అన్నిటినీ హెచ్‌డీఆర్‌లోనే పంపడం. గూగుల్ టీవీ బాక్సుల్లో `Match content frame rate` కింద `Seamless`, `Non-seamless`, `Never` అని మూడు ఎంపికలుంటాయి. మొదటిది నల్లబడకుండా మారగలిగితేనే మారుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. రెండోది నల్లబడినా సరే మారుతుంది. బాక్స్ మోడల్‌నూ సాఫ్ట్‌వేర్‌నూ బట్టి ఈ పేర్లు, చోట్లు కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు.

సినిమాలు ఇష్టంగా చూసేవాళ్లు రెండింటినీ ఆన్‌లో ఉంచి, మెనూను మాత్రం 4కె ఎస్‌డీఆర్‌లో పెట్టుకోవడం మంచిది. అప్పుడు ఎస్‌డీఆర్ వీడియో ఎస్‌డీఆర్‌గా, హెచ్‌డీఆర్ వీడియో హెచ్‌డీఆర్‌గా, ఏ కల్తీ లేకుండా టీవీకి చేరుతుంది. మెనూను హెచ్‌డీఆర్‌లో ఉంచితే మొదట్లో వచ్చే నలుపు కొంత తగ్గవచ్చు గానీ, మార్పిడి కూడా కట్టేస్తే పాత సినిమాల రంగులు టీవీ సెట్టింగ్‌ల ప్రకారం రావు. వాటిని బాక్స్ తనకు తోచినట్టు మార్చి పంపుతుంది.

మెనూ ఏ హెర్ట్జ్‌లో ఉండాలన్నది ఇంట్లో ఏది ఎక్కువ చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో చాలా ఇళ్లలో బాక్స్ మీద చూసేది సీరియళ్లు, వార్తలు, క్రికెట్. అవి 25, 50 లెక్కలో వచ్చేవైతే మెనూను `4K SDR 50Hz`లో పెట్టి చూడండి. 50 ఫ్రేముల క్రికెట్‌కు టీవీ అసలు మారాల్సిన పనే ఉండదు, 25 ఫ్రేముల సీరియల్ అందులో సరిగ్గా రెండేసి సార్లు ఇమిడిపోతుంది. 24 ఫ్రేముల సినిమా పెట్టినప్పుడు మాత్రమే నలుపు వస్తుంది. యూట్యూబ్‌లో 30, 60 ఫ్రేముల వీడియోలు ఎక్కువగా చూసే ఇంటికి 60 నయం. ఆ యాప్ ఫ్రేమ్ రేట్ మార్చమని అడగకపోతే వాటికి 50 హెర్ట్జ్‌లో అదురు మొదలవుతుంది.

నలుపు అసలే వద్దనుకునేవాళ్లు ముందు తమ టీవీని పరీక్షించుకోవచ్చు. కొన్ని టీవీలు 60 హెర్ట్జ్‌లో వచ్చిన సిగ్నల్ నుంచి రెండు మూడు, రెండు మూడు వరసను కనిపెట్టి, అందులోని అసలు 24 ఫ్రేములను వెలికితీసి సమానంగా చూపిస్తాయి. ఎల్‌జీలో `Real Cinema` లాంటి సెట్టింగ్‌లు ఇందుకే. ఫ్రేమ్ రేట్ మార్పిడి ఆపేసి, సినిమా చివర పేర్లు జరగడం చూడండి. అక్షరాలు నిలకడగా ఉంటే ఆ ఒక్క మార్పిడిని నిశ్చింతగా ఆపేయవచ్చు. వెలుగు కొలత మార్పిడిని మాత్రం ఆన్‌లోనే ఉంచండి.

టీవీలోనే ఉన్న యాప్‌లతో చూసేవాళ్లకు ఈ గొడవ చాలా తక్కువ. అక్కడ సిగ్నల్ హెచ్‌డీఎంఐ కేబుల్ దాటదు కాబట్టి వేగం పట్టుకోవడం, తాళంచెవులు మార్చుకోవడం ఉండవు. హెచ్‌డీఆర్‌కు మారేటప్పుడు వెలుగులో చిన్న మార్పు కనిపిస్తే కనిపిస్తుంది.

ఎప్పుడు అనుమానించాలి

టీవీ రిమోట్‌లో సిగ్నల్ వివరాలు చూపించే బటన్ ఉంటే అదే మొదటి సాక్షి. మెనూలో ఉన్నప్పుడు `3840x2160 60Hz` అని, సినిమా మొదలయ్యాక `3840x2160 24Hz HDR` అని కనిపిస్తే వ్యవస్థ చెప్పిన పని చేస్తున్నట్టే. తర్వాత రెండు మార్పిడులూ ఆపేసి అదే సినిమా మళ్లీ పెట్టండి. నలుపు పోతే కారణం తేలిపోయింది, మెకానిక్ అక్కర్లేదు.

సినిమా మధ్యలో, ప్రకటనలేమీ లేకుండానే ఉన్నట్టుండి తెర నల్లబడి తిరిగి వస్తోందంటే అది వేరే సంగతి. తెర మీద తెల్లచుక్కలు మిణుకుమిణుకుమన్నా, నలుపు తొలగకుండా అలాగే ఉండిపోయినా కూడా అంతే. అప్పుడు ఏ వీడియోకు ఇలా అవుతోందో గమనించండి. 24 ఫ్రేముల సినిమాలు బాగానే నడిచి, 50 లేదా 60 హెర్ట్జ్ హెచ్‌డీఆర్ పెట్టినప్పుడే సిగ్నల్ తెగుతుంటే కేబుల్‌ను అనుమానించాలి. సగం బరువు మోయగలిగిన కేబుల్ పూర్తి బరువు మోయలేకపోతోందన్నమాట. గోడలోంచి లాగిన పొడవాటి కేబుళ్లలో ఇది ఎక్కువ.

కొత్తది కొనేటప్పుడు డబ్బా మీద `Premium High Speed` లేదా `Ultra High Speed` అన్న ధ్రువీకరణ లేబుల్, దాని మీద స్కాన్ చేయదగిన కోడ్ ఉన్నాయో లేదో చూడండి. మొదటిది సెకనుకు 18 గిగాబిట్లకు, రెండోది 48 గిగాబిట్లకు పరీక్షించినవి. 60 హెర్ట్జ్ వరకు 4కె హెచ్‌డీఆర్‌కు మొదటిది చాలు. ధర ఎక్కువైనంత మాత్రాన కేబుల్ మార్పిడి సమయాన్ని తగ్గించలేదు. ఆ సమయం టీవీలోనూ బాక్స్‌లోనూ ఖర్చవుతోంది, తీగలో కాదు.

మధ్యలో రిసీవరో స్ప్లిట్టరో ఉంటే దాన్ని తీసేసి బాక్స్‌ను నేరుగా టీవీకి తగిలించి చూడండి. సమస్య పోతే దోషం ఆ మధ్య పరికరంలో ఉంది. దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించవచ్చు.

నలుపు లేని మార్పిడి

2017 నవంబరులో విడుదలైన హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణంలో దీనికి ఒక పరిష్కారం ఉంది. పేరు క్విక్ మీడియా స్విచింగ్, పొట్టిగా క్యూఎంఎస్. దీని ఉపాయం సిగ్నల్ వేగాన్ని ముట్టుకోకపోవడం. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్యనున్న కనిపించని ఖాళీ జాగాను పెంచడం ద్వారానే 60 నుంచి 24కు వస్తుంది. వేగం మారలేదు కాబట్టి టీవీ సిగ్నల్‌ను వదలదు, తాళంచెవుల తనిఖీ మళ్లీ జరగదు, తెర నల్లబడదు. 2022లో వచ్చిన యాపిల్ టీవీ 4కెలో ఈ సదుపాయం ఉంది.

అయితే దీని హద్దులు తెలుసుకుని కొనాలి. బాక్స్ ఒక్కదానిలో ఉంటే చాలదు, టీవీలోనూ ఉండాలి. మధ్యలో రిసీవర్ ఉంటే అది కూడా ఒప్పుకోవాలి. హెచ్‌డీఎంఐ 2.1 అని డబ్బా మీద రాసినంత మాత్రాన క్యూఎంఎస్ ఉన్నట్టు కాదు, ఆ ప్రమాణంలో అది తప్పనిసరి అంశం కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది ఫ్రేమ్ రేట్ మార్పును మాత్రమే సాఫీ చేస్తుంది. ఎస్‌డీఆర్ నుంచి హెచ్‌డీఆర్‌కో డాల్బీ విజన్‌కో మారేటప్పుడు, రిజల్యూషన్ మారేటప్పుడు నలుపు రావచ్చు. కొత్త టీవీ కొనబోతుంటే ఆ మోడల్ వివరాల్లో క్యూఎంఎస్ అని ప్రత్యేకంగా ఉందో లేదో అడగండి. అమ్మేవాళ్లకు తెలియకపోతే తయారీదారు వెబ్‌సైట్‌లో చూడండి.

అంతవరకు ఈ రెండు సెకన్ల నలుపును భరించడమే మేలని నా అభిప్రాయం. రెండున్నర గంటల సినిమాలో ప్రతి షాటూ కెమెరామన్ తీసిన వేగంతో, ఎడిటింగ్ గదిలో కుదిర్చిన రంగులతో కనిపించడానికి మనం చెల్లించేది ఆ రెండు సెకన్లే. యాప్‌లు తయారుచేసే సంస్థలకు ఒక విజ్ఞప్తి: తెర మారడం పూర్తయ్యేదాకా సినిమాను మొదలుపెట్టకండి, ప్రకటనలను సినిమా ఫ్రేమ్ రేట్‌లోనే, సినిమా వెలుగు కొలతలోనే అందించండి. పాఠకులకు చెప్పేది కూడా ఒక్కటే. కేబుల్ కొనకముందు, సర్వీసు వాళ్లను పిలవకముందు, ఆ రెండు స్విచ్‌లు ఆపి ఒకసారి చూడండి.